దద్దుర్లు మాయమయ్యాక మిగిలేది తేదీ వేసిన ఫోటోనే

తిరువళ్లూరు దగ్గర మణవాళనగర్‌లో ఉంటున్న ఒక తల్లి మొన్నొక రోజు ఏడో తరగతి చదువుతున్న కూతురిని వెంటబెట్టుకుని వచ్చారు. "హకీం సాబ్, పిల్లకు ఒళ్లంతా పిత్తీ లేస్తోంది" అన్నారు. నేను పిల్ల చేతులు, మెడ, వీపు చూశాను. చర్మం శుభ్రంగా ఉంది. ఒక్క పొక్కు లేదు, గీరిన మచ్చ కూడా లేదు. "ఇప్పుడు లేదండీ, మంగళవారం సాయంత్రం వస్తుంది" అని ఆ తల్లి అంటే, పక్కనున్నవారు నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. చర్మవ్యాధుల్లో కొన్ని ఇంతే. వైద్యుడి ముందు కూర్చునేసరికి మాయమవుతాయి. వైద్యుడు చూడనిది వైద్యుడికి తెలియదు. అంతకంటే పెద్ద చిక్కు బడిలో వచ్చింది. పిల్ల చేతుల మీద ఎర్రటి పొక్కులు చూసిన టీచరు అది 'అమ్మై' అయి ఉంటుందేమోనని పిల్లను వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టారు. అది తట్టు కాదు, అమ్మవారు కాదు అని తల్లి ఫోనులో చెప్పినా ఎవరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? చూసినవారు ఒకరు, చెబుతున్నవారు మరొకరు.

ఆ బడిలో ఒక నర్సు ఉన్నారు. ఆమెకు ఉత్తరం రాయమని, ఉత్తరంతో పాటు తేదీ, సమయం వేసిన ఫోటోలు ఇవ్వమని నేను సలహా ఇచ్చాను. ఆ తల్లి నాలుగు వారాలు ఓపికగా ఆ పని చేసి, రాసిన కాగితం నాకు చూపించారు. మొదటి ప్రతిలో రెండు పేజీలు ఫిర్యాదే ఉంది: మా పిల్లను వేరుగా కూర్చోబెట్టారు, మా ఇంట్లో శుభ్రత లేదన్నట్టు మాట్లాడారు అని. ఆమె బాధ న్యాయమైనదే. కాని ఆ రెండు పేజీలు తీసేయమన్నాను. నర్సు చేతికి ఉత్తరం వెళ్లేది తీర్పు చెప్పడానికి కాదు, చూడటానికి. బెంచీ సంగతి ప్రధానోపాధ్యాయులతో విడిగా మాట్లాడవచ్చు. పైగా జబ్బు ఏమిటో తేలితే బెంచీ సంగతి దానంతటదే తేలుతుంది.

ఆ తల్లి అనుమతితో, పేర్లు తీసేసి, ఉత్తరాన్ని ఇక్కడ ఇస్తున్నాను. ఆమె తెలుగులో రాశారు, పొరుగింటి అమ్మాయి తమిళంలోకి మార్చి ఇచ్చింది.

గౌరవనీయులైన సిస్టర్ గారికి,
11 ఆగస్టు 2025, సోమవారం

నమస్కారం. నేను ఏడో తరగతి విద్యార్థిని తల్లిని. మా అమ్మాయి వయసు 12 ఏళ్లు, బరువు 36 కిలోలు. జూన్ నెలలో బడి తెరిచిన తరువాత నుంచి అప్పుడప్పుడు చేతుల మీద, మెడ మీద చిన్న చిన్న దద్దుర్లు లేస్తున్నాయి. ఒక్కొక్కటి ఆవగింజ నుంచి మినపగింజ అంత ఉంటుంది, చుట్టూ ఎర్రగా ఉంటుంది. దురద, సూదులు గుచ్చినట్టు మంట ఉంటాయి. జ్వరం ఒక్కసారి కూడా రాలేదు. పొక్కుల్లో నీరు లేదు. ఇంట్లో మిగతా నలుగురిలో ఎవరికీ లేవు.

నేను చూసినవి చూసినట్టు రాస్తున్నాను. ఫోటోలు కవర్లో ఉన్నాయి, వాటి మీద అంకెలు వేశాను.

8 జూలై, మంగళవారం. సాయంత్రం 4.35కి ఇల్లు చేరగానే ఎడమ ముంజేయి. మళ్లీ 5.40కి అదే చెయ్యి, ఏమీ లేదు. ఆ రోజు డబ్బాలో అన్నం, కోడిగుడ్డు వేపుడు. చివరి పీరియడ్ పి.టి.

15 జూలై, మంగళవారం. 4.40కి రెండు ముంజేతులు. 5.45కి ఏమీ లేదు. డబ్బాలో గుడ్డు. చివరి పీరియడ్ పి.టి. గుడ్డు వల్లనేమోనని ఆ రోజు నుంచి గుడ్డు మానిపించాము.

22 జూలై, మంగళవారం. డబ్బాలో పెరుగన్నం, బంగాళాదుంప. గుడ్డు లేదు. అయినా 4.35కి దద్దుర్లు ఉన్నాయి, ఎప్పటిలాగే గంటలో పోయాయి.

27 జూలై, ఆదివారం. ఉదయం 8 గంటలకు రెండు ఉడికించిన గుడ్లు పెట్టాము. 9 గంటలకు, 11 గంటలకు తీసిన ఫోటోల్లో చర్మం మామూలుగా ఉంది. రోజంతా ఏమీ రాలేదు.

29 జూలై, మంగళవారం. పి.టి. మాస్టరు గారు సెలవు, ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్పారట. 4.35కి చేతులు మామూలుగా ఉన్నాయి.

3 ఆగస్టు, ఆదివారం. బడి లేదు, ఆటా లేదు. నూనె పెట్టి బాగా వేడినీళ్లతో తలస్నానం చేయించాను. స్నానం ముగిసిన పది నిమిషాలకు, 9.20కి, మెడ మీద, భుజాల మీద అవే దద్దుర్లు. 10.05కి ఏమీ లేదు.

5 ఆగస్టు, మంగళవారం. పి.టి. తరువాత మళ్లీ వచ్చాయి. ఈసారి ఒక దద్దు చుట్టూ పెన్నుతో గీత గీశాను. గంట తరువాత గీత ఉంది, దద్దు లేదు.

శుక్రవారం కూడా వాళ్లకు పి.టి. ఉంది, కాని అది ఉదయం రెండో పీరియడ్. శుక్రవారం కూడా చేతులు దురద పెట్టాయని పిల్ల అంటుంది. సాయంత్రానికి నాకు ఏమీ కనబడదు. అందుకే మిమ్మల్ని ఒక సాయం అడుగుతున్నాను. రాబోయే ఒక శుక్రవారం పి.టి. అయిన వెంటనే పిల్లను మీ గదికి పిలిపించి చేతులు, మెడ చూడండి. ఉంటే సమయం రాయండి. అరగంటకు ఒకసారి మళ్లీ చూసి, ఎప్పుడు పోయాయో రాయండి. ఊపిరి ఎలా ఉంది, కడుపునొప్పి, తల తిరగడం ఉన్నాయా అని కూడా అడిగి రాయండి. ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్తాము.

ఇస్తున్న మందులు: రాత్రి పడుకునేముందు ఇత్రీఫల్ షాహ్‌తరా అర చెంచా, జూలై 1 నుంచి. ఇంగ్లీషు మందులు ఏవీ వాడటం లేదు. పైన ఏ క్రీమూ రాయలేదు. ఇంతకుముందు ఏ మందూ పడకపోవడం జరగలేదు. ఉబ్బసం లేదు.

పెదవులు గాని, కళ్ల చుట్టూ గాని వాచినా, ఊపిరి ఆడకపోయినా, గొంతు మారినా, వాంతి అయినా, కళ్లు తిరిగి పడిపోయినా నా ఫోను కోసం ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. దీనికి నా అనుమతి ఈ సంతకమే.

ఫోటోల్లో ముఖం రాకుండా తీశాను. మీరు, డాక్టరు తప్ప ఎవరూ చూడకుండా ఉంచగలరు.

ఇట్లు,
తల్లి సంతకం, ఫోను నంబరు

ఉత్తరం ఇంతే. ఇందులో ఎక్కడా ఆ తల్లి జబ్బు పేరు రాయలేదు. అది నాకు బాగా నచ్చిన విషయం. మన ఇళ్లలో అలవాటు దీనికి తలకిందులుగా ఉంటుంది. "పిల్లకు ఎలర్జీ అండీ", "రక్తం వేడి చేసిందండీ", "గర్మీ అండీ" అని ముందు పేరు చెబుతాము, చూసింది చెప్పము. పేరు చెప్పగానే వినేవారి కళ్లు మూతబడతాయి. మరో చిక్కు కూడా ఉంది. మనం దద్దుర్లు అంటాము, ఉర్దూలో పిత్తీ అంటారు, తమిళ నర్సుకు అది తడిప్పు, యునానీ గ్రంథాల్లో షరా. ఈ నాలుగు మాటలూ ఒకటేనని ఎవరు చెప్పాలి? ఫోటోకు అనువాదం అక్కర్లేదు.

ఇక ఈ తేదీలు ఏం చెప్పాయో చూద్దాం.

ఇంట్లో అందరూ గుడ్డును అనుమానించారు. మంగళవారం డబ్బాలో గుడ్డు, మంగళవారం దద్దుర్లు. లెక్క సరిపోయినట్టే ఉంది. జూలై 22న గుడ్డు లేకపోయినా వచ్చాయి, 27న రెండు గుడ్లు తిన్నా రాలేదు. దాంతో గుడ్డు మీద నేరం నిలబడలేదు. మన ఇళ్లలో చర్మం మీద ఏది వచ్చినా గుడ్డు, చేప, వంకాయ, మాంసం వరుసగా మానిపిస్తారు. నెలల తరబడి ఎదిగే పిల్ల పళ్లెంలో మిగిలేది చారన్నం. పత్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. యునానీలో పత్యానికి పెద్ద పీట ఉంది. కాని ఏ పదార్థం తింటే వస్తుందో, మానితే ఆగుతుందో తేదీలతో చూడకుండా పెట్టే పత్యం పిల్లకు శిక్ష.

ఆ తరువాత చూడవలసింది జూలై 29. ఆ రోజు ఫోటోలో ఏమీ లేదు. చాలామంది తల్లులు అలాంటి ఫోటో తీయనే తీయరు, 'ఏమీ లేనిదానికి ఫోటో ఎందుకు' అనుకుంటారు. నా దృష్టిలో మొత్తం కవర్లో విలువైన ఫోటోల్లో అదొకటి. అదే మంగళవారం, అదే బడి, అదే యూనిఫాం, అదే బెంచీ. లేనిది ఆట ఒక్కటే. దద్దుర్లూ లేవు. బడి నీళ్లు, బెంచీ చెక్క, యూనిఫాం గుడ్డ, సబ్బు అన్నీ ఆ ఒక్క ఫోటోతో చాలావరకు నిర్దోషులయ్యాయి.

అయితే ఆటే కారణమా? ఆగస్టు 3న ఆట లేదు, వేడినీళ్ల స్నానం మాత్రమే ఉంది. అయినా అవే దద్దుర్లు. ఆటకూ వేడి స్నానానికీ ఉమ్మడిగా ఉన్నది ఒంటి లోపలి వేడి పెరగడం, చెమట పట్టడం. వేడితో, చెమటతో లేచే ఈ దద్దుర్లను ఆధునిక వైద్యులు కోలినర్జిక్ అర్టికేరియా అంటారు. ఎదిగే వయసులో, యువతలో ఎక్కువగా కనబడుతుంది. దద్దుర్లు చాలా చిన్నవి, ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటాయి, చుట్టూ వెడల్పుగా ఎరుపు ఉంటుంది. చెమట మొదలైన కొద్ది నిమిషాల్లో లేస్తాయి, సాధారణంగా గంటలోపు, కొందరిలో ఇంకాస్త ఆలస్యంగా, మచ్చ లేకుండా పోతాయి. కారం ఎక్కువైన భోజనం, ఒక్కసారిగా వచ్చిన కోపం, భయం కూడా కొందరికి ఇవి తెప్పిస్తాయి. ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు.

వేడి స్నానం ఫోటోకు మరో ప్రయోజనం ఉంది. దాన్ని ఆ తల్లి అనుకుని తీయలేదు. ఆటలోనో పరుగులోనో ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు పట్టేసి, రక్తపోటు పడిపోయే ప్రమాదకరమైన జబ్బు ఒకటుంది. శారీరక శ్రమతో వచ్చే అనాఫిలాక్సిస్ అంటారు. కొందరిలో గోధుమ, రొయ్య వంటివి తిని, కొన్ని గంటల్లోపు పరుగెత్తితేనే అది వస్తుంది. విడిగా తిన్నా, విడిగా పరుగెత్తినా రాదు. ఈ జబ్బులో శ్రమ కావాలి, ఊరికే వేడినీళ్లు పోస్తే రాదు. మన పిల్లకు వేడినీళ్లతోనే వచ్చింది. కాబట్టి అనుమానం మొదటిదాని వైపు మొగ్గింది. అంతమాత్రాన తేలిపోయినట్టు కాదు. వైద్యులు తమ ఎదుటే పిల్లతో చెమట పట్టేదాకా వ్యాయామం చేయించి, మరో రోజు ఒంటిని వేడి చేసి చూసి తేలుస్తారు. ఆ పరీక్ష ఇంట్లో చేయకూడదు. ఏదైనా తేడా వస్తే సూది వేయడానికి సిద్ధంగా ఉన్న చోటే చేయాలి. ఉత్తరంలో చివర రాసిన ప్రమాద లక్షణాలు కనబడినప్పుడు కావలసింది తొడ కండరంలో వేసే అడ్రినలిన్ సూది. దురద మాత్ర దాని పని చేయదు. మాత్ర వేసి పడుకోబెడదాం, చూద్దాం అనకూడదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఇది చెమటకాయలు కావచ్చు కదా, మనవైపు ఎండలకు పిల్లలందరికీ వస్తాయి కదా అని. పౌడరు కొట్టి వదిలేసేవారే ఎక్కువ. నిజమే, ఒక్క ఫోటో చూస్తే ఆ రెండింటికీ తేడా చెప్పడం నాకు కూడా కష్టం. గంట తేడాతో రెండు ఫోటోలు చూస్తే తేడా చిన్న పిల్లవాడు కూడా చెప్పగలడు. చెమటకాయలు గంటలో పోవు, రోజుల తరబడి ఉంటాయి. దోమలు, నల్లులు కుట్టిన దద్దులు కూడా రోజులు, ఒక్కోసారి వారాలు అక్కడే ఉంటాయి, మచ్చ పడతాయి. గజ్జి రాత్రిపూట ఎక్కువ దురద పెడుతుంది, వేళ్ల సందుల్లో ఉంటుంది, ఇంట్లో మరొకరికీ ఉంటుంది. అమ్మవారి పొక్కుల్లో నీరు చేరుతుంది, జ్వరం ఉంటుంది. ఆ తల్లి పెన్నుతో గీత గీసింది ఇందుకే. ఒక దద్దు చుట్టూ గీత గీసి గడియారం చూడండి. మామూలు దద్దుర్లలో ఒక చోట లేచింది 24 గంటలు దాటి ఉండదు. గీతలోపల మర్నాడు కూడా అదే దద్దు ఉంటే, అది పోతూ కమిలిన మచ్చ వదిలితే, ఇది వేరే జబ్బు, త్వరగా వైద్యుడికి చూపాలి. జ్వరంతో పాటు చర్మం మీద ఎర్రని, ఊదారంగు చుక్కలు వచ్చి, గాజు గ్లాసుతో నొక్కినా రంగు తగ్గకపోతే ఫోటోలు తీస్తూ కూర్చోకండి, అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.

ఫోటో ఎలా తీయాలో రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే ఫోటోల్లో సగం పనికిరావు. ఫ్లాష్ వేస్తే దద్దు ఎత్తు కనబడదు, చర్మం తెల్లగా మెరుస్తుంది. కిటికీ పక్కన పగటి వెలుతురులో, వెలుగు పక్కనుంచి పడేలా చెయ్యి పెట్టి తీయండి. మన చామనచాయ చర్మం మీద ఎరుపు సరిగా తెలియదు. పక్కవెలుతురులో ఉబ్బు నీడ పడి తెలుస్తుంది. ఒకటి దూరంనుంచి చెయ్యి మొత్తం కనబడేలా, ఒకటి దగ్గరనుంచి. పక్కన పిల్ల జామెట్రీ పెట్టెలోని స్కేలు పెట్టండి, కొలత తెలుస్తుంది. ఒక చీటీ మీద తేదీ, సమయం రాసి, దాన్ని కూడా ఫోటోలో పడేలా చర్మం పక్కన ఉంచండి.

చీటీ ఎందుకు, ఫోనులో తేదీ ఉంటుంది కదా అని ఆ తల్లి కూడా అడిగారు. ఉంటుంది, మీ ఫోనులో ఉన్నంతవరకు. అదే ఫోటోను వాట్సాప్‌లో పంపితే ఫోటో తీసిన సమయం దానితో వెళ్లదు. అవతలివారి ఫోనులో IMG-20250811-WA0003.jpg అని పేరు కనబడుతుంది. ఆ అంకె పంపిన రోజుది, దద్దు లేచిన రోజుది కాదు. జూలై 8 నుంచి తీసినవన్నీ ఆగస్టు 11న ఒకేసారి పంపితే, అన్నీ ఆగస్టు 11నే తీసినట్టు కనబడతాయి. చీటీ ఫోటోలోనే ఉంటే ఆ బెడద లేదు. తరగతి తల్లిదండ్రుల గ్రూపులో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. ఎదిగిన ఆడపిల్ల ఒంటి ఫోటో అది. కాగితం మీద ప్రింటు తీయించి, కవరులో పెట్టి, నర్సు చేతికి ఇవ్వండి. ఛాతీ, వీపు, తొడల మీద వస్తే ఫోటోకు బదులు మనిషి బొమ్మ గీసి ఎక్కడెక్కడ వచ్చిందో చుక్కలు పెట్టినా వైద్యుడికి చాలు.

ఆ ఉత్తరంలో ఇత్రీఫల్ షాహ్‌తరా పేరు ఉండటం చూసి కొందరు మొహమాటపడవచ్చు. ఇంగ్లీషు వైద్యం చదివిన నర్సుకు హకీం మందు సంగతి ఎందుకని దాచేవారు చాలామంది. దాచకూడదు. ఇత్రీఫల్ షాహ్‌తరాలో షాహ్‌తరా, కరక్కాయలతో పాటు సనా కూడా ఉంటుంది. సనా విరేచనకారి. పిల్లకు బడిలో కడుపునొప్పి వచ్చి రెండుసార్లు విరేచనమైతే, అది మందు వల్లనా, దద్దుర్లతో వచ్చిన ప్రమాద లక్షణమా అని నర్సు తేల్చుకోవాలంటే ఆమెకు ఈ సంగతి తెలిసి ఉండాలి. అలాగే డాక్టరు సెట్రిజిన్ వంటి దురద మాత్ర రాస్తే అదీ రాయాలి. అది కొందరు పిల్లలకు నిద్రమత్తు తెస్తుంది, తరగతిలో కునికితే బద్ధకమని కొట్టిపారేయకుండా ఉంటారు. ఈ నాలుగు వారాలూ కొత్త మందు ఏదీ మొదలుపెట్టవద్దని నేనే చెప్పాను. మధ్యలో మందు మారితే తేదీల లెక్క చెడుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే బెట్నోవేట్ రకం స్టెరాయిడ్ క్రీముల సంగతి ఇంకా చెడ్డది. గంటలో తనంతట పోయే దద్దుకు ఆ క్రీము చేసే మేలు లేదు, రోజూ రాస్తే చర్మం పలచబడుతుంది, తామర వంటిదేదైనా ఉంటే దాని రూపమే మారిపోయి వైద్యుడికి గుర్తుపట్టరాకుండా పోతుంది.

యునానీ చదివినవారికి ఈ తేదీల పట్టిక కొత్తది కాదు. షరా రోగి వచ్చినప్పుడు హకీం మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి 'ఎప్పుడు లేస్తాయి' అనే. ఎర్రగా, వేడిగా, పగటిపూట ఎక్కువగా లేస్తే దమవీ షరా అని, తెల్లగా, రాత్రిపూట ఎక్కువగా లేస్తే బల్గమీ షరా అని మన గ్రంథాలు విభజించాయి. పదో శతాబ్దం మొదటి పాదంలో కన్నుమూసిన జకరియా రాజీ తన రోగుల సంగతులు రోజువారీగా రాసి పెట్టుకునేవారు. తట్టుకూ మసూచికీ తేడా చెబుతూ ఆయన రాసిన పుస్తకం ప్రసిద్ధమైనది. వసంతకాలంలో గులాబీలు వాసన చూస్తే తన సమకాలికుడు అబూ జైద్ బల్ఖీకి జలుబు ఎందుకు చేస్తుందో వివరిస్తూ ఆయన ఒక చిన్న రచన కూడా చేశారు. ఏ రుతువులో, దేని తరువాత అన్నది పట్టుకోవడమే అక్కడ కీలకం. ఆయన దగ్గర కెమెరా లేదు, అంతే.

ఆగస్టు 15 శుక్రవారం సెలవు కావడంతో నర్సు గారు 22వ తేదీ శుక్రవారం పిల్లను చూశారు. ఉత్తరం వెనుకనే నాలుగు పంక్తులు రాసి ఇచ్చారు. 10.25కి మెడ, రెండు ముంజేతుల మీద చిన్న దద్దుర్లు, దురద. 10.55కి సగం తగ్గాయి. 11.25కి ఏమీ లేదు. ఊపిరి మామూలు, కడుపునొప్పి లేదు, నాడి మొదట వేగంగా ఉండి తరువాత మామూలైంది. ఇన్నాళ్లూ తల్లికి కనబడని శుక్రవారం అలా కాగితం మీదికి వచ్చింది. ఆ కాగితం చూశాక తిరువళ్లూరులో చర్మవైద్యులు పది నిమిషాల్లో సంగతి అర్థం చేసుకుని, పరీక్ష చేయించి, కోలినర్జిక్ అర్టికేరియా అని రాసిచ్చారు. రోజూ ఒక దురద మాత్ర మొదలుపెట్టారు. పిల్లకు ఇత్రీఫల్ ఇక అక్కర్లేదని నేనే ఆపించాను. ఎనిమిది వారాల్లో దద్దుర్లపై దాని ప్రభావం ఏమీ కనబడలేదని అవే తేదీలు చెప్పాయి మరి.

పి.టి. మానిపించమని కొందరు బంధువులు అన్నారు. వైద్యులు వద్దన్నారు, నేనూ వద్దన్నాను. ఒకసారి దద్దుర్లు లేచిన తరువాత కొన్ని గంటలు, ఒక్కోసారి 24 గంటల దాకా మళ్లీ లేవకుండా ఉండటం ఈ జబ్బులో చాలామందికి ఉంటుంది. క్రమంగా చెమట పట్టించే అలవాటు కొందరికి మేలు చేస్తుంది. ఆటను పూర్తిగా ఆపేస్తే ఆ అవకాశం పోతుంది, పిల్ల మరో విధంగా వెనక బెంచీకి చేరుతుంది. పరుగు నెమ్మదిగా మొదలుపెట్టడం, దద్దుర్లు లేవగానే ఆగి నీడలో ఫ్యాను కింద కూర్చోవడం, చేతులు, ముఖం చల్లని నీళ్లతో కడుక్కోవడం, తగ్గేదాకా ఒంటరిగా వదలకపోవడం, ఇవి చాలు. ఇంట్లో స్నానం గోరువెచ్చటి నీళ్లతో.

అన్ని బళ్లలో నర్సు ఉండరు. ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్లకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏడాదికి ఒకసారి వైద్య బృందం వస్తుంది. అందులో ఆయుష్ వైద్యులు, నర్సు ఉంటారు, గజ్జి, తామర, ఎగ్జిమా వంటి చర్మవ్యాధులు వాళ్లు చూడవలసిన జాబితాలోనే ఉన్నాయి. కాని వాళ్లు వచ్చిన రోజు పిల్ల చర్మం శుభ్రంగా ఉంటే ఏం చూస్తారు? అలాంటి బడిలో ఈ కవరు ప్రధానోపాధ్యాయుల దగ్గర ముందే ఇచ్చి ఉంచండి, బృందం వచ్చినప్పుడు చూపమనండి.

మణవాళనగర్ బడిలో ఇప్పుడు ఉత్తరం నకలు రెండు చోట్ల ఉంది. ఫోటోలతో సహా ఒకటి నర్సు గారి బీరువాలో. ఫోటోలు లేకుండా, ప్రమాద లక్షణాలు, 108, తల్లి సంతకం ఉన్న చివరి పేజీ మాత్రం పి.టి. మాస్టరు గారి దగ్గర. ఆ రెండోది ఇవ్వమని అడిగింది నర్సు గారే. దద్దుర్లు లేచే చోట మొదట ఉండేది ఆయనే కదా అన్నారట.